ఫ్లూ మరణాలు: రిజిస్టరులో ఉన్నవి, లెక్కకు అందనివి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఫ్లూ మరణాల అంకెల గురించే ఉన్నాయి. ఒకదానికొకటి ముడిపడినవాటిని ఏరి, వరసగా పెట్టి జవాబిస్తున్నాను.

డాక్టరు గారూ, మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆగస్టులో ఇంటిల్లిపాదికీ జ్వరాలు, ఒళ్లు నొప్పులు, దగ్గు వచ్చాయి. మేమంతా నాలుగు రోజుల్లో తేరుకున్నాం. నాన్నగారు కూడా తగ్గిందనే అన్నారు. కానీ ఆ వారంలోనే గుండెపోటు వచ్చి పోయారు. సర్టిఫికెట్‌లో గుండెపోటు అనే రాశారు. ఆ జ్వరం ఫ్లూయే అయితే ఆయన మరణం ఏ లెక్కలోకి వస్తుంది?
— ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, సర్కారు లెక్కలో ఆయన గుండెజబ్బు ఖాతాలోకే వెళ్తారు. సర్టిఫికెట్ రాసిన డాక్టరును ఇందులో తప్పుపట్టడానికి లేదు. ఆయన కళ్లముందున్నది ఈసీజీ. వారం కిందటి జ్వరానికి పరీక్ష ఏదీ చేయించలేదు కాబట్టి, అది ఫ్లూయేనని రాసే ఆధారం ఆయన దగ్గర లేదు.

అయితే ఫ్లూకూ గుండెపోటుకూ మధ్య సంబంధం ఊహ కాదు. కెనడాలోని ఒంటారియోలో చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. పరీక్షలో ఫ్లూ తేలినవాళ్లలో, ఆ పరీక్షకు ముందు ఏడాదిలోగానీ తర్వాతి ఏడాదిలోగానీ గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లను అందులో తీసుకున్నారు. మామూలు వారాల్లో సగటున వారానికి మూడు పైచిలుకు గుండెపోట్లు ఉంటే, ఫ్లూ తేలిన తర్వాతి ఏడు రోజుల్లో 20 వచ్చాయి. అంటే దాదాపు ఆరు రెట్లు. ఎవరికి వారినే పోలికగా పెట్టుకున్నారు కాబట్టి, ఒకరికి షుగరు ఉందనో ఇంకొకరు సిగరెట్లు తాగుతారనో ఈ తేడాను కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఇంకో చిక్కు కాలానిది. పెద్దవాళ్లలో ఫ్లూ వైరస్ గొంతులో, ముక్కులో మొదటి రెండు మూడు రోజులు బాగా ఉంటుంది. వారానికల్లా చాలామందిలో దొరకనంతగా తగ్గిపోతుంది. ప్రాణం మీదికి వచ్చేది సాధారణంగా అప్పుడే. వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో బాక్టీరియా చేరి నిమోనియా వస్తుంది, లేదా అప్పటికే బలహీనంగా ఉన్న గుండె చేతులెత్తేస్తుంది. ఆ దశలో స్వాబ్ తీసినా నెగెటివ్ రావచ్చు. మన దగ్గర సర్టిఫికెట్లలో విరివిగా కనిపించే 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అనే మాట సంగతి సరేసరి. గుండె, ఊపిరి ఆగిపోవడం ప్రతి మరణంలోనూ ఉండేదే. కారణం గడిలో అది రాస్తే ఏమీ రాయనట్టే.

మీ నాన్నగారిది ఫ్లూ వల్లనే అని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఒక్క మనిషి విషయంలో తేల్చలేని ఈ సంగతిని లక్షలమందిలో ఎలా తేలుస్తారన్నదే తర్వాతి ఉత్తరం.

సర్టిఫికెట్‌లో లేదు, పరీక్షలోనూ లేదు. మరి 'ఫ్లూతో ఏటా ఇన్ని వేలమంది' అని ఎలా చెబుతారు? నేను లెక్కల మాస్టారిని. వివరంగా రాసినా ఫరవాలేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

మాస్టారూ, వేసవిలో ఏసీకి ఎంత ఖర్చయిందో కరెంటు బిల్లులో విడిగా రాయరు. అయినా ఏసీ లేని నెలల బిల్లులతో పోల్చి మీరు చెప్పగలరు. సూత్రం అదే. ఏ కారణంతో పోయారన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఈ వారం ఎంతమంది పోవాల్సింది, ఎంతమంది పోయారు అని అడుగుతారు. ఆ తేడాకే 'అదనపు మరణాలు' అని పేరు. 1847లో లండన్‌ను ఫ్లూ చుట్టుముట్టినప్పుడు విలియం ఫార్ ఈ దారినే లెక్క కట్టాడు. 1932లో అమెరికాలో సెల్విన్ కాలిన్స్ ఇంకో సంగతి చూపించాడు. ఫ్లూ విజృంభించిన వారాల్లో ఫ్లూ, నిమోనియా కాని ఇతర కారణాల మరణాలు కూడా పెరుగుతున్నాయి. తెనాలి ఉత్తరానికి జవాబు అప్పుడే సగం దొరికిందన్నమాట.

దీన్ని పద్ధతిగా మలిచినవాడు రాబర్ట్ సెర్ఫ్‌లింగ్. ఆయన అమెరికా సీడీసీలో గణాంకశాస్త్రవేత్త, వ్యాసం 1963లో వచ్చింది. చలి దేశాల్లో మరణాలు ఏటా శీతకాలంలో పెరిగి వేసవిలో తగ్గుతాయి, ఫ్లూ పెద్దగా లేని ఏడు కూడా. ఆ ఎగుడుదిగుడును సైన్, కొసైన్ అలతో పట్టుకోవచ్చు:

```
Y(t) = a + b*t + c*cos(2*pi*t/52) + d*sin(2*pi*t/52)
```

ఇందులో `t` వారం సంఖ్య, `a` సగటు, `b` జనాభా పెరుగుదల వంటి నెమ్మది మార్పు. చివరి రెండూ కలిసి ఏడాది అల.

అంకెలు పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు, ఏ దేశానివీ కావు. `a` వెయ్యి, `b` సున్న, `c` 80, `d` 30 అనుకోండి. జనవరి చివర, అంటే నాలుగో వారానికి కొసైన్ విలువ సుమారు 0.89, సైన్ విలువ 0.46. అల వంతు 71, 14 కలిపి 85. కాబట్టి ఆ వారం 1,085 మంది పోతారని అంచనా. రిజిస్టరులో 1,240 ఉన్నాయి. అదనం 155. అదే వారం ఆసుపత్రుల్లో ఫ్లూ అని పరీక్షలో తేలిన మరణాలు ఏ పదో పదిహేనో ఉండవచ్చు.

ప్రతి వారమూ అంచనాకూ వాస్తవానికీ ఎంతో కొంత తేడా ఉంటుంది కాబట్టి, ఏ వారాన్ని విజృంభణ అనాలో తేల్చడానికి ఒక గీత గీస్తారు. అంచనాకు పైన, మామూలు ఊగిసలాటకు 1.64 రెట్ల ఎత్తున ఆ గీత ఉంటుంది. వరసగా కొన్ని వారాలు దాన్ని దాటితే విజృంభణే. ఇక్కడ కొత్తవాళ్లు ఒక తప్పు చేస్తారు. అదనాన్ని ఆ పై గీత నుంచి కొలుస్తారు. గీత గుర్తుపట్టడానికే, కొలత మాత్రం అంచనా నుంచే మొదలవ్వాలి.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. అలను పాత వివరాలకు అమర్చేటప్పుడు ఫ్లూ విజృంభించిన వారాలను తీసేయకపోవడం. అవి లోపల ఉండిపోతే అల శిఖరం పైకి లేస్తుంది, 'మామూలు' అన్నదే ఫ్లూతో కలిసిపోతుంది, అదనం కుంచించుకుపోతుంది. తీసేయాలంటే ఏవి ఫ్లూ వారాలో ముందే తెలియాలి. అందుకే ఈ పని ఒక్కసారిలో అయ్యేది కాదు. అమర్చి, మించిన వారాలు తీసి, మళ్లీ అమర్చాలి.

నెట్‌లో చదివితే అమెరికాకు ఒకచోట 8 వేలు, ఒకచోట 36 వేలు, ఇంకోచోట 51 వేలు కనిపించాయి. అన్నీ 'ఏటా ఫ్లూ మరణాలు' అనే చెబుతున్నాయి. ఏది నమ్మాలి?
— ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

బాబూ, ఆ మూడూ ఒకే వ్యాసంలోవి. ముగ్గురు మూడు మాటలు చెప్పలేదు, ఒకరే మూడు వేరు ప్రశ్నలకు జవాబిచ్చారు. విలియం థాంప్సన్ బృందం 2003లో ప్రచురించిన ఆ లెక్క 1990-91 నుంచి 1998-99 వరకు ఫ్లూ కాలాలది.

సెర్ఫ్‌లింగ్ అలకు ఒక బలహీనత ఉంది. శీతకాలంలో అంచనాకు మించినదంతా ఫ్లూ పద్దులో పడిపోతుంది. పసిపిల్లలనూ ముసలివాళ్లనూ పట్టే ఆర్‌ఎస్‌వీ అనే ఇంకో వైరస్ దాదాపు అదే కాలంలో వస్తుంది. గట్టి చలీ అప్పుడే. థాంప్సన్ బృందం అల పక్కన వారంవారం ల్యాబుల వివరాలను చేర్చింది. పరీక్షించిన స్వాబుల్లో ఎంత శాతంలో ఏ వైరస్ దొరికిందో ఆ వివరాలు చెబుతాయి. ఫ్లూ ఎ రకంలోని హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, ఫ్లూ బి, ఆర్‌ఎస్‌వీ, వీటన్నిటికీ విడివిడి పదాలు సమీకరణంలో పెట్టారు. ఆ తర్వాత ఫ్లూ పదాలను సున్న చేసి, మరణాలు ఎంత తగ్గుతాయో చూశారు. ఆ తగ్గుదలే ఫ్లూ వంతు.

ఇక మూడు అంకెలు. నిమోనియా, ఫ్లూ మూలకారణంగా రాసిన మరణాలను మాత్రమే ఈ యంత్రంలో వేస్తే సగటున ఏటా 8,097 వచ్చాయి. శ్వాసకోశ, గుండె, రక్తనాళాల జబ్బులన్నీ వేస్తే 36,155. ఏ కారణమైనా సరే అని మొత్తం మరణాలు వేస్తే 51,203. వల వెడల్పయ్యే కొద్దీ తప్పించుకునేవి తగ్గుతాయి, కానీ ఫ్లూకు సంబంధం లేని అలజడీ లోపలికి వస్తుంది. మధ్య అంకెనే ఎక్కువమంది వాడటానికి కారణం ఇదే. రోడ్డు ప్రమాదాలు, క్యాన్సర్ల ఊగిసలాట అందులో లేదు, మీ ఊళ్లోనూ మా ఊళ్లోనూ జరిగే గుండెపోట్లు ఉన్నాయి.

ఆ 36 వేలు పత్రికల్లో పడి 'ప్రతి ఏడూ 36 వేలు' అనే నినాదంగా మారింది. అది సగటు మాత్రమే. సీడీసీయే 2010లో 1976 నుంచి 2007 వరకు లెక్కలు మళ్లీ వేసి చూపింది: 1986-87లో 3,349, 2003-04లో 48,614. ఇంత తేడా చూసి కొందరు మోడల్ నమ్మదగదు అంటారు. నాకు మాత్రం ఈ తేడాయే మోడల్‌కు సాక్ష్యంలా కనిపిస్తుంది. హెచ్3ఎన్2 ఏలిన కాలాల్లో అంకె పెరుగుతుంది, హెచ్1ఎన్1 ఏలిన కాలాల్లో తగ్గుతుంది. ముసలివాళ్లను ఎక్కువగా కాటేసేది హెచ్3ఎన్2 అని ఆసుపత్రుల వివరాలు వేరేగా చెబుతూనే ఉన్నాయి. చలి వల్లనో లెక్కల గారడీ వల్లనో అయితే మరణాలు వైరస్ రకాన్ని చూసి పెరగవు కదా.

సర్టిఫికెట్లలో లెక్కపెట్టినవి నిజమైన మరణాలు. మోడల్ చెప్పేవి కాగితం మీద పుట్టినవి. కోవిడ్ రోజుల్లో అమెరికన్ డాక్టర్లే ఈ ఫ్లూ అంకెలు ఉబ్బించినవని రాశారు. దానికేమంటారు?
— న్యాయవాది, విజయవాడ

లాయరు గారూ, మీరు చెబుతున్నది జెరెమీ ఫౌస్ట్, కార్లోస్ డెల్ రియో 2020 మే నెలలో రాసిన వ్యాసం గురించి అనుకుంటాను. వాళ్ల వాదన బలమైనదే. 2013-14 నుంచి 2018-19 వరకు చూస్తే, లెక్కకు ఎక్కిన ఫ్లూ మరణాలు ఏటా 3,448కీ 15,620కీ మధ్య ఉన్నాయి. సీడీసీ అంచనాలు మాత్రం అప్పటికి 23 వేల నుంచి 61 వేల దాకా ఉన్నాయి. కోవిడ్ మరణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వాటిని ఫ్లూ అంచనాలతో పోల్చి 'కోవిడ్ కూడా ఫ్లూలాంటిదే' అనడం రెండు కొలబద్దలు వాడటమేనని వాళ్లు అన్నారు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. లెక్కను లెక్కతో, అంచనాను అంచనాతో పోల్చాలి.

కానీ అక్కడి నుంచి 'లెక్కించినదే నిజం' అనే చోటికి వెళితే దారి తప్పినట్టే. లెక్కించిన అంకె మరణాలతో పాటు పరీక్షలనూ కొలుస్తుంది. ఎవరికి స్వాబ్ తీయాలని డాక్టరు అనుకున్నాడు, ఎన్నో రోజున తీశాడు, ఫలితం సర్టిఫికెట్ రాసే చేతికి చేరిందా అన్నవన్నీ అందులో కలిసి ఉంటాయి. రేపు పరీక్షలు రెట్టింపు చేస్తే ఆ అంకె పెరుగుతుంది. చనిపోయినవాళ్లు పెరగరు. ఒక్కొక్కరినీ ప్రశ్నించే వీలుంటే కోర్టుకు సాక్ష్యం దొరుకుతుంది. ఇక్కడ ఉన్నది పరిస్థితుల సాక్ష్యం, అదీ అనేక నగరాల్లో, అనేక ఏళ్లలో ఒకే తీరుగా దొరికినది.

అంచనాలకు లోపాలు లేవని నేను అనను. 2017-18 ఫ్లూ కాలానికి సీడీసీ మొదట సుమారు 80 వేల మరణాలని చెప్పింది. తర్వాత 61 వేలంది. ఇప్పుడు 52 వేల దగ్గరుంది. ఇది ఉబ్బించడం కాదా అని మీరు అడగవచ్చు. ఇవి అదనపు మరణాల మోడల్ నుంచి వచ్చినవి కావని ముందు గమనించాలి. ఇటీవల సీడీసీ ఏటా వాడుతున్నది వేరే పద్ధతి. కొన్ని ప్రాంతాల ఆసుపత్రుల్లో ఫ్లూతో చేరినవాళ్లను లెక్కపెట్టి, పరీక్ష చేయనివాళ్ల కోసం పెంచి, చేరినవాళ్లలో ఎంతమంది పోతారన్న నిష్పత్తితో హెచ్చించి, ఆసుపత్రి బయట పోయినవాళ్లను కలుపుతారు. సీజన్ ముగిసిన వెంటనే ఆ సవరణలకు కావాల్సిన వివరాలు పాత ఏళ్లవే చేతిలో ఉంటాయి. కొత్తవి రాగానే అంకె మారుతుంది. ముందు చెప్పిన అంకెను పట్టుకుని వేలాడకుండా మార్చుకోవడం మంచిదే. కానీ మొదటి అంకె పేపర్లలో పతాక శీర్షిక అయింది, సవరణ ఏ మూలో పడింది.

2015లో హైదరాబాద్‌లో స్వైన్‌ఫ్లూ గొడవ గుర్తుంది. మన దేశంలో ఏటా ఫ్లూతో ఎంతమంది పోతున్నారు? వందల్లోనా, లక్షల్లోనా?
— గృహిణి, కూకట్‌పల్లి

అమ్మా, రెండు జవాబులూ ప్రచురణలో ఉన్నాయి! 2010 నుంచి 2013 వరకు సర్కారు చెప్పిన హెచ్1ఎన్1 మరణాలు వరసగా 1,763, 75, 405, 699. సగటున ఏటా 735. అవే నాలుగేళ్లకు మరణాల సర్వే వివరాలను వైరస్ నిఘా వివరాలతో జతచేసి వేసిన అంచనా 2020లో వెలువడింది. శ్వాసకోశ, గుండె, రక్తనాళాల మరణాల్లో ఫ్లూ వంతు ఏటా సుమారు 1,27,000 అని తేలింది. అంటే ఒకటికి నూట డెబ్బై పైమాట.

ఇంత దూరం ఎందుకంటే, మొదటి అంకె మొత్తం ఫ్లూను కొలవడానికి పుట్టినది కాదు. అది హెచ్1ఎన్1 ఒక్కదానిదే. హెచ్3ఎన్2, ఫ్లూ బి దానిలో లేవు. పైగా హెచ్1ఎన్1 అయినా ల్యాబులో తేలితేనే లెక్క. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేశారు. మొదటి రెండు వర్గాలకు పరీక్ష అక్కర్లేదన్నారు. ఆయాసం, ఛాతీనొప్పి, బీపీ పడిపోవడం వంటివి ఉన్న సి వర్గానికే పరీక్ష. ల్యాబులు తక్కువ ఉన్నప్పుడు అది సరైన నిర్ణయమే. కానీ ఇంట్లో పోయిన ముసలమ్మకు ఆ లెక్కలో చోటు లేదు. అసలు దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించేవి నాలుగో వంతు కన్నా తక్కువ. మిగతావారికి గుండెపోటు అని తప్పుగా రాసే కాగితం కూడా లేదు.

మీకు గుర్తున్న 2015లో దేశం మొత్తం మీద 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. కేసుల్లో ఏడు శాతం చనిపోయారంటే ఆ ఫ్లూ అంత భయంకరమైనదని కాదు. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకే పరీక్ష చేశారని. ఒక నివేదికలో మరణాల శాతం ఇలా ఎక్కువగా కనిపిస్తే, కింద ఉన్న కేసుల అంకెను ముందు అనుమానించండి.

ఇక 1,27,000 అన్నదాన్నీ రాతి మీద చెక్కినట్టు తీసుకోకండి. దాని పక్కన రాసిన హద్దులు 64 వేల నుంచి 1,90,000 దాకా ఉన్నాయి. అంత వెడల్పుకు మన వాతావరణం కూడా ఒక కారణం. కశ్మీర్‌లో ఫ్లూ శీతకాలంలో వస్తుంది. దేశంలో చాలా ప్రాంతాల్లో వానకాలంలో, చెన్నైలో ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. దేశమంతటికీ ఒకే అల గీస్తే ఒకచోటి శిఖరం ఇంకోచోటి లోయను పూడ్చేస్తుంది. అదీగాక వానకాలంలో డెంగీ, మలేరియా, విరేచనాలు కూడా పెరుగుతాయి. చలి దేశంలో ఆర్‌ఎస్‌వీని వేరు చేయడమే కష్టమనుకుంటే, ఇక్కడ నాలుగైదు జబ్బులు ఒకే నెలలో దిగుతాయి. వారంవారం స్వాబుల లెక్క లేకుండా సైన్ అల ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడ పని జరగదు.

నేను ఒక పీహెచ్‌సీలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. మా పరిధిలో ముప్పై వేల జనాభా. మరణాల రిజిస్టరు నా దగ్గరే ఉంది. మేమే ఈ లెక్క వేసుకోవచ్చా?
— ఆరోగ్య ఉద్యోగి, ఆదిలాబాద్ జిల్లా

మీ ఒక్క పీహెచ్‌సీకి అయితే వద్దు. వెయ్యికి ఆరేడు మరణాల చొప్పున మీ దగ్గర ఏడాదికి సుమారు 200 మంది పోతారు. వారానికి నాలుగు. ఏ కారణమూ లేకుండానే ఒక వారం రెండు, ఇంకో వారం ఆరు ఉంటాయి. గట్టి ఫ్లూ వచ్చి మరణాలు పది శాతం పెరిగితే మీకు వారానికి కలిసేది 0.4 మనిషి. అది ఊగిసలాటలో కనిపించదు. అదే ముప్పై లక్షల జనాభాకు వారానికి సుమారు 400 మరణాలు, యాదృచ్ఛికంగా ఊగేది 20 దాకా, పది శాతం అదనం 40. అప్పుడు కనిపిస్తుంది, అదీ రెండు మూడు వారాలు కొనసాగితే స్పష్టంగా.

అయితే పై స్థాయిలో ఆ లెక్క నిలబడేదీ కూలేదీ మీ రిజిస్టరు మీదే. మరణం జరిగిన తేదీ, నమోదు చేసిన తేదీ రెండూ విడిగా రాయండి. చాలాచోట్ల రెండోదే కంప్యూటర్‌లోకి వెళుతోంది. దసరా సెలవులకు ఆఫీసు మూసి, తెరిచిన వారం పాత మరణాలన్నీ ఒక్కసారిగా ఎక్కిస్తే, మోడల్‌కు అది ఫ్లూ విజృంభణలాగే కనిపిస్తుంది. సెలవు వారాల్లో గుంట, వెంటనే శిఖరం పడితే అది జబ్బు కాదు, గుమాస్తా పని అని గుర్తించవచ్చు. వయసు తప్పకుండా రాయండి. ఫ్లూ అదనంలో పెద్ద వాటా అరవై అయిదు దాటినవాళ్లది. అందరినీ కలిపి చూస్తే కనిపించని గుర్తు ఆ వయసులో విడిగా చూస్తే తేలుతుంది. ఇంకొకటి: 2020, 2021 పేజీలు చింపేయొద్దు గానీ, జిల్లాలో ఎవరైనా 'గత అయిదేళ్ల సగటు' అని మొదలుపెడితే ఆ రెండేళ్లను మామూలు ఏళ్లలో కలపవద్దని చెప్పండి. అవి కలిస్తే 'మామూలు' ఎంత ఎత్తుకు పోతుందంటే, తర్వాత వచ్చే ఏ ఫ్లూకూ అదనమే తేలదు.